డిసెంబరా, మార్చా: బెంగళూరు నుంచి నడిపే డెలావేర్ కంపెనీకి పన్ను సంవత్సరం ఎంచుకోవడం

ఈ జనవరి చివర్లో ఇద్దరు కుర్రాళ్లు నా ఆఫీసుకొచ్చారు. ఒకరిది అనంతపురం, ఇంకొకరిది గుంటూరు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పన్నెండు మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నారు. కస్టమర్లు అమెరికాలో ఉన్నారు కాబట్టి డెలావేర్‌లో ఒక కార్పొరేషన్ పెట్టి, దాని కింద బెంగళూరులో ఒక ప్రైవేట్ లిమిటెడ్ పెట్టారు. ఇక్కడ ఇది రోజూ చూసే ఏర్పాటే. డబ్బు అక్కడికి వస్తుంది, పని ఇక్కడ జరుగుతుంది. ఇక్కడి కంపెనీ తన ఖర్చు మీద కొంత లాభం వేసుకుని అక్కడి కంపెనీకి నెలనెలా బిల్లు పంపుతుంది.

"అన్నా, అమెరికా రిటర్న్ ఏప్రిల్ 15కి వేయాలంట కదా. ఇక్కడి లెక్కలు మార్చి దాకా నడుస్తాయి. ఈ రెండూ ఎలా కలపాలి?"

"ఏప్రిల్ 15 అని ఎవరు చెప్పారు?"

"అమెరికా పన్ను నంబరు ఈఐఎన్ కోసం పెట్టిన దరఖాస్తులో డిసెంబరు అని పెట్టేశారు. కంపెనీ నమోదు చేసిన ఆన్‌లైన్ వాళ్లే పెట్టారు. ఇంక అయిపోయింది కదా?"

అయిపోలేదు. అక్కడి నుంచి మేం చేసిన పనినే వరసగా రాస్తున్నాను. ఇదే ఏర్పాటులో ఉన్నవాళ్లకు చాలావరకు అలాగే వర్తిస్తుంది.

ముందు, ఎక్కడ ఎంపిక ఉంది, ఎక్కడ లేదు

మన దేశంలో ఆదాయపు పన్నుకు ఎంపిక లేదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, అంతే. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. వ్యాపారి తన చిట్టా ఆవర్జాలు ఏ రోజున మూస్తే అదే అతని పన్ను సంవత్సరం. ఉగాదికి కొత్త పుస్తకం తెరిచేవాళ్లు కొందరు, దీపావళికి తెరిచేవాళ్లు కొందరు. 1987లో తెచ్చిన సవరణ చట్టం దాన్ని ఆపేసింది. 1989 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఒకటే సంవత్సరం. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 'ప్రీవియస్ ఇయర్', 'అసెస్‌మెంట్ ఇయర్' అనే పాత జోడీని తీసేసి 'టాక్స్ ఇయర్' అంటోంది. అయినా ఆ పన్నెండు నెలలు మాత్రం అవే.

కంపెనీల చట్టంలో చిన్న సందు ఉంది. విదేశీ కంపెనీతో లెక్కలు కలపాల్సిన భారతీయ కంపెనీ, కేంద్ర ప్రభుత్వానికి దరఖాస్తు చేసి అనుమతి తెచ్చుకుంటే, తన ఆర్థిక సంవత్సరాన్ని వేరే తేదీకి ముగించుకోవచ్చు. ఇక్కడి కంపెనీలు కొన్ని డిసెంబరు కోసం ఇది అడుగుతుంటాయి. నేను మాత్రం చిన్న కంపెనీలకు వద్దంటాను. అనుమతి వచ్చినా ఆదాయపు పన్ను మార్చిలోనే ఉంటుంది. అంటే మీకు ఏటా రెండు క్లోజింగ్‌లు తప్పవు. ఒకదాన్ని తప్పించుకోబోయి రెండు తెచ్చుకున్నట్టే.

అమెరికాలో కథ వేరు. తన లాభం మీద తనే పన్ను కట్టే మామూలు సి-కార్పొరేషన్ తన పన్ను సంవత్సరాన్ని ఏ నెల చివరికైనా ముగించుకోవచ్చు. వాల్‌మార్ట్ జనవరి 31న ముగిస్తుంది, ఎందుకంటే క్రిస్మస్ అమ్మకాలూ, తర్వాత వెనక్కి వచ్చే సరుకూ అన్నీ అప్పటికి తేలిపోతాయి. మైక్రోసాఫ్ట్ జూన్ 30. యాపిల్ సెప్టెంబరు చివరి శనివారం. పని ఉధృతి తగ్గి, సరుకు తక్కువగా, చేతిలో డబ్బు ఎక్కువగా ఉన్న రోజున పుస్తకం మూయడం పెద్ద కంపెనీల పద్ధతి. అయితే ఈ వెసులుబాటు అందరికీ లేదు. లాభం యజమానుల లెక్కలోకే వెళ్లే పార్ట్‌నర్‌షిప్‌లూ ఎస్-కార్పొరేషన్లూ సాధారణంగా యజమానుల సంవత్సరాన్నే అనుసరించాలి. యజమానులే ఉద్యోగులుగా కన్సల్టింగ్, ఇంజినీరింగ్ వంటి వృత్తి సేవలు అమ్మే కంపెనీని పర్సనల్ సర్వీస్ కార్పొరేషన్ అంటారు. దానికీ మామూలుగా డిసెంబరే. మా కుర్రాళ్లది సొంత సాఫ్ట్‌వేర్ అమ్మే సి-కార్పొరేషన్ కాబట్టి తలుపు తెరిచే ఉంది.

ఎంపిక ఎప్పుడు ఖాయమవుతుంది

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈఐఎన్ కోసం పంపే ఎస్‌ఎస్-4 ఫారంలో ఖాతాలు ఏ నెలతో ముగుస్తాయో అడుగుతారు. అక్కడ డిసెంబరు రాసినంత మాత్రాన డిసెంబరు ఖాయం కాదు. గడువు పెంచమని అడిగినా, ముందస్తు పన్ను కట్టినా ఖాయం కాదు. కంపెనీ మొదటి ఆదాయపు పన్ను రిటర్న్, అంటే ఫారం 1120, ఏ సంవత్సరాంతంతో వేస్తుందో దాంతో ఖాయమవుతుంది. మొదటి కాలం పన్నెండు నెలలు దాటకూడదు. ఖాతా పుస్తకాలు కూడా నిజంగా అదే తేదీకి మూసి ఉండాలి. పుస్తకాలే లేని కంపెనీకి క్యాలెండర్ సంవత్సరమే దిక్కు.

మావాళ్ల డెలావేర్ కంపెనీ 2025 ఆగస్టు 12న నమోదైంది. ఇక్కడి కంపెనీ సెప్టెంబరులో మొదలైంది. జనవరికి ఇంకా రిటర్న్ వేయలేదు కాబట్టి రెండు దారులూ ఉన్నాయి. డిసెంబరు పెట్టుకుంటే మొదటి సంవత్సరం ఆగస్టు 12 నుంచి డిసెంబరు 31 దాకా, రిటర్న్‌కు గడువు 2026 ఏప్రిల్ 15. మార్చి పెట్టుకుంటే ఆగస్టు 12 నుంచి 2026 మార్చి 31 దాకా, గడువు జూలై 15. సంవత్సరం ముగిశాక నాలుగో నెల పదిహేనో తేదీ అన్నది సూత్రం. (జూన్ 30న ముగించేవాళ్లకు కొన్నేళ్లుగా వేరే గడువు నడిచింది, దాని సంగతి ఇక్కడ వద్దు.)

అసలు లెక్క: ఇండియా పన్ను ఏ సంవత్సరంలో పడుతుంది

గడువులు కలవడం సౌకర్యమే. కానీ నేను మార్చి వైపు మొగ్గడానికి కారణం ఇంకొకటి. దాన్ని కాస్త నెమ్మదిగా చూడాలి.

ఇక్కడి కంపెనీలో వాటా మొత్తం డెలావేర్ కంపెనీదే. అలాంటప్పుడు ఇక్కడి లాభం ఇంకా డివిడెండ్‌గా పంపకపోయినా, ఆ ఏడాదే అమెరికా కంపెనీ లెక్కలోకి వస్తుంది. దీనికి గిల్టి అని పేరు. 2026లో మొదలయ్యే సంవత్సరాల నుంచి పేరు మార్చారు, రేట్లు కాస్త మార్చారు, స్వభావం అదే. రెండు రకాలుగా ఊరట ఉంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఇస్తారు. లేదా ఇక్కడి పన్ను రేటు 18.9 శాతం దాటితే ఆ లాభాన్ని అసలు లెక్కలోంచే తీసేయమని ఎంచుకోవచ్చు. మన కంపెనీ పన్ను 25.17 శాతం కాబట్టి, పైకి చూస్తే దిగులు లేదు.

చిక్కు తేదీలో ఉంది. అమెరికా లెక్క ప్రకారం ఇండియా పన్ను ఇండియా సంవత్సరం ముగిసిన రోజున, అంటే మార్చి 31న, పుడుతుంది. మధ్యలో మీరు అడ్వాన్స్ టాక్స్ కట్టారా లేదా అన్నది దీన్ని మార్చదు. ఇంకో సంగతి, అమెరికా పన్ను కోసం ఇక్కడి కంపెనీ లెక్కను పై కంపెనీ సంవత్సరం ప్రకారమే వేయాలి. ఇక్కడి పుస్తకాలు మార్చిలో మూసినా, పైది డిసెంబరు అయితే అక్కడి లెక్కకు కిందిదీ డిసెంబరే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇక్కడి కంపెనీ నెల ఖర్చు 20 లక్షలు. దాని మీద 15 శాతం లాభం వేసి 23 లక్షలకు బిల్లు పంపుతుంది. నెలకు 3 లక్షల లాభం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలకు 21 లక్షలు. దాని మీద ఇండియా పన్ను సుమారు 5.29 లక్షలు.

పై కంపెనీ మార్చిలో ముగిస్తే, మొదటి సంవత్సరంలో 21 లక్షల లాభమూ, మార్చి 31న పుట్టిన 5.29 లక్షల పన్నూ ఒకే సంచిలో పడతాయి. రేటు 25.17 శాతం. 18.9 దాటింది కాబట్టి ఆ లాభాన్ని తీసేయమని ఎంచుకోవచ్చు. కథ ముగిసింది.

డిసెంబరులో ముగిస్తే, మొదటి సంవత్సరంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 12 లక్షల లాభం వచ్చింది. ఆ నాలుగు నెలల్లో పుట్టిన ఇండియా పన్ను సున్నా, ఎందుకంటే మార్చి 31 ఇంకా రాలేదు. రేటు సున్నా, కాబట్టి తీసేయడం కుదరదు. క్రెడిట్ కూడా లేదు. గిల్టి కింద సగం తగ్గింపు పోగా మిగిలిన 6 లక్షల మీద 21 శాతం చొప్పున 1.26 లక్షల అమెరికా పన్ను పడుతుంది. అక్కడి కంపెనీకి తగినంత ఆదాయం ఉందనుకుని వేసిన లెక్క ఇది. ల్యాప్‌టాప్‌ల వంటి ఆస్తులకు దక్కే చిన్న మినహాయింపును వదిలేశాను.

రెండో సంవత్సరం కూడా కుదురుగా ఉండదు. 2026 జనవరి నుంచి డిసెంబరు దాకా లాభం 36 లక్షలు. ఆ ఏడాది పుట్టిన పన్ను మాత్రం మార్చి 31నాటి 5.29 లక్షలే. అంటే రేటు 14.7 శాతం. మళ్లీ 18.9కి కిందే. ఈసారి క్రెడిట్ ఉంది కాబట్టి అమెరికా పన్ను దాదాపు ఏమీ పడకపోవచ్చు. కానీ లెక్క మొత్తం వేసి చూపించాల్సిందే. మూడో ఏడాదికి గానీ 36 లక్షలకు 9.06 లక్షలు ఎదురై రేటు మళ్లీ 25.17కి రాదు.

మొదటి ఏడాది కట్టిన ఆ 1.26 లక్షలు తర్వాత తిరిగి రావు. ఈ రకం క్రెడిట్‌ను ముందుకో వెనక్కో జరుపుకునే వీల్లేదు. ఆదాయం ఒక ఏడాదిలో, దాని తాలూకు పన్ను మరో ఏడాదిలో పడితే, మధ్యలో జారిపోయింది జారిపోయినట్టే.

"లక్షా పాతిక వేలకు ఇంత గొడవ ఎందుకన్నా" అన్నాడు గుంటూరు కుర్రాడు. సబబైన మాటే. పన్నెండు మందితో ఇది చిన్న మొత్తం. నూట ఇరవై మంది ఉంటే ఇదే 12.6 లక్షలవుతుంది. ఇంకొకటి కూడా చూడాలి. "అక్కడ మాకు నష్టమే కదా, పన్నెక్కడిది" అని చాలామంది అంటారు. అమెరికా బయట చేయించిన సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఖర్చును అక్కడ ఒకే ఏడాదిలో తీసేయనివ్వరు, 15 ఏళ్లకు పంచాలి. మీ ఖర్చంతా బెంగళూరు జీతాలే అయితే, బ్యాంకులో డబ్బు తరిగిపోతున్నా కాగితం మీద ఆదాయం కనిపిస్తుంది.

మార్చి అనుకున్నాక చేసిన పనులు

ముందుగా బోర్డు తీర్మానం రాయించాం: పన్ను సంవత్సరం మార్చి 31న ముగుస్తుందని, ఒక పేజీ. తర్వాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. వాళ్లు వాడేది క్విక్‌బుక్స్. అందులో `Account and settings` లో `Advanced` కింద `First month of fiscal year` అనీ `First month of income tax year` అనీ రెండు ఉంటాయి. రెండూ జనవరి చూపిస్తున్నాయి, మొదటిదాన్ని ఏప్రిల్‌కు, రెండోదాన్ని `Same as fiscal year` కు మార్చాం. ఒకదాన్ని సరిచేసి ఇంకోదాన్ని మరిచిపోతే నివేదికలు ఒకలా, పన్ను సారాంశం ఇంకోలా వస్తాయి.

మార్చి నెల బిల్లును ఇక్కడి కంపెనీ మార్చి తేదీతోనే వేయాలని గట్టిగా చెప్పాను. ఇదివరకు వాళ్లు డిసెంబరు పని బిల్లును జనవరి ఏడున వేశారు. సంవత్సరం చివర అలా చేస్తే ఇక్కడ ఆదాయం ఒక ఏడాదిలో, అక్కడ ఖర్చు ఇంకో ఏడాదిలో కనిపిస్తుంది. రెండు కంపెనీల మధ్య బిల్లు ధర సబబేనని చూపే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నివేదిక రాసేటప్పుడు ఆ తేడా ముందుగా కంటబడుతుంది.

రిటర్న్ విషయానికొస్తే, ఫారం సంవత్సరం చూసి కంగారు పడొద్దు. మార్చి 2026తో ముగిసే కాలానికి 2025 ఫారం 1120నే వాడాలి, ఎందుకంటే కాలం మొదలైంది 2025లో. పైన మొదలు, ముగింపు తేదీలు రాసే గళ్లు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలితే క్యాలెండర్ సంవత్సరం అనుకుంటారు. మొదటి రిటర్న్ అని తెలిపే గడిలో టిక్ పెట్టాలి.

జూలై 15కి ఇక్కడి ఆడిట్ పూర్తి కాదు, అందుకే ఫారం 7004తో ఆరు నెలలు పెంచుకుంటాం. గడువు 2027 జనవరి 15కి వెళ్తుంది. కట్టాల్సిన పన్నుంటే మాత్రం జూలై 15కే కట్టాలి, పెరిగేది కాగితాల గడువే. ఈలోపు ఇక్కడ ఆడిట్ సెప్టెంబరుకు, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నివేదిక అక్టోబరు 31కి, కంపెనీ రిటర్న్ నవంబరు 30కి అయిపోతాయి. ఆడిట్ అయిన అంకెలే అమెరికా ఫారంలోకి వెళ్తాయి. డిసెంబరు పెట్టుకుని ఉంటే, పెంచుకున్న గడువు కూడా అక్టోబరు 15తో ముగిసేది. అప్పుడు ప్రతి పూర్తి ఏడాదికీ ఒక ఇండియా సంవత్సరంలోని మూడు నెలల అంకెలూ తర్వాతి సంవత్సరంలోని తొమ్మిది నెలల అంకెలూ కలిపి కుట్టాల్సి వచ్చేది.

ముందస్తు పన్ను వాయిదాలు కూడా దాదాపు కలుస్తాయి. ఇక్కడ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15. మార్చి సంవత్సరమున్న అమెరికా కంపెనీకి జూలై, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15. మొదటిది తప్ప మూడూ ఒకే రోజు.

ఎక్కడ తప్పుతుంది

నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ దెబ్బ తగిలింది ఫారం 7004 దగ్గరే. కంపెనీ మార్చి అనుకుంటుంది, రిటర్న్ తయారుచేసేవాళ్లు పాత ఎస్‌ఎస్-4 చూసి డిసెంబరుకు గడువు పెంచమని పంపుతారు. మార్చి కాలానికి పొడిగింపే లేకుండా పోతుంది. ఆ రిటర్న్‌తో కలిసి వెళ్లే జతలు ఉన్నాయి: కింది కంపెనీ వివరాలకు ఫారం 5471, విదేశీ వాటాదారులతో లావాదేవీలకు ఫారం 5472. రిటర్న్ ఆలస్యమైతే అవీ ఆలస్యమైనట్టే. మొదటిదానికి జరిమానా 10,000 డాలర్ల నుంచి, రెండోదానికి 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. పన్ను సున్నా అయినా సరే.

ఎస్‌ఎస్-4లో డిసెంబరు ఉన్నందువల్ల అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ కంప్యూటర్ డిసెంబరు రిటర్న్ కోసం ఎదురుచూస్తుంది. ఏప్రిల్ తర్వాత "మీ రిటర్న్ అందలేదు" అని ఉత్తరం రావచ్చు, మార్చి రిటర్న్‌ను ఈ-ఫైలింగ్ తిరస్కరించవచ్చు కూడా. ఆ ఉత్తరాన్ని పక్కన పడేయకుండా, మార్చి సంవత్సరం ఎంచుకున్నామని తీర్మానం కాపీతో జవాబు పంపాలి. మావాళ్ల విషయంలో జవాబు ముందే రాసి పెట్టుకున్నాం.

మార్చి ఎంచుకున్నా కదలని తేదీలున్నాయి. డెలావేర్ ఫ్రాంచైజ్ టాక్స్, వార్షిక నివేదిక మార్చి 1కే. అమెరికాలో ఎవరికైనా జీతం ఇస్తే డబ్ల్యూ-2, కాంట్రాక్టర్లకు 1099, ఇవన్నీ క్యాలెండర్ సంవత్సరం లెక్కే.

ఇక్కడి వైపు ఒక ఉచ్చు: కంపెనీని జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ నమోదు చేస్తే, కంపెనీల చట్టం ప్రకారం మొదటి ఆర్థిక సంవత్సరం మరుసటి ఏడాది మార్చి 31 దాకా సాగుతుంది. ఫిబ్రవరిలో పెట్టినవాళ్లకు పదమూడు నెలలు దాటిన పుస్తకం. ఆదాయపు పన్నుకు ఆ సౌకర్యం లేదు. ఈ మార్చి 31కి ఒక లెక్క వేరుగా తీయాల్సిందే.

మార్చి ఎవరికి పనికిరాదు

ఉద్యోగులు, ఖర్చు ఎక్కువగా అమెరికాలో ఉండి ఇక్కడ ముగ్గురు నలుగురే ఉంటే మార్చి కోసం పాకులాడొద్దు. పెట్టుబడి పెట్టినవాళ్లు డిసెంబరు ఆడిట్ అడిగే ఒప్పందం రాసుకుంటే, వాళ్ల కోసం డిసెంబరుకూ పన్ను కోసం మార్చికీ రెండుసార్లు మూయాల్సి వస్తుంది. సంతకానికి ముందే ఆ వాక్యం వెతకండి.

ఒకసారి మొదటి రిటర్న్ డిసెంబరుతో వేశాక మార్చుకోవాలంటే ఫారం 1128 పంపాలి. కొన్ని షరతులకు లోబడితే ఆమోదం దానంతటదే వస్తుంది. గత 48 నెలల్లో ఇంకోసారి సంవత్సరం మార్చుకుని ఉండకూడదన్నది అందులో ఒకటి. మధ్యలో మిగిలే జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలలకు విడిగా ఇంకో పూర్తి రిటర్న్ వేయాలి. దానికీ 5471, 5472 జతచేయాలి. ఆ మూడు నెలల ఆదాయాన్ని ఏడాదికి పెంచి పన్ను లెక్కకట్టే పద్ధతి కూడా ఉంది.

మావాళ్లు మార్చి 31 సాయంత్రం ఆరుకు చివరి బిల్లు పంపారు. రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లనూ ఆ రాత్రే ఒకే ఫోల్డర్‌లో పెట్టి నాకు లింకు పంపించారు.